వారం రిపోర్టు: సైట్ విజిట్లు, ఎంక్వైరీలు రెండు ఫైళ్ల నుంచి తీస్తే లెక్క కలవడం లేదు

పట్టులక్ష్మి, బరంపురం · 9 జూన్ 2025, సోమవారం, మధ్యాహ్నం 12:10

అందరికీ నమస్కారం. బరంపురంలో ఒక పట్టుచీరల షాపు ఆఫీసులో పనిచేస్తున్నాను. మా మార్కెటింగ్ హెడ్ సార్ భువనేశ్వర్‌లో ఉంటారు. ప్రతి సోమవారం ఆయనకి ఒకే ఒక ఎక్సెల్ షీటు పంపాలి. గడిచిన వారం వెబ్‌సైట్‌కి ఎంతమంది వచ్చారు, ఎన్ని ఎంక్వైరీలు వచ్చాయి, ఈ రెండే ఆయనకి కావాలి. వారం అంటే మాకు సోమవారం నుంచి ఆదివారం వరకు.

నా దగ్గరికి మూడు చోట్ల నుంచి సమాచారం వస్తుంది. విజిట్లు గూగుల్ అనలిటిక్స్ నుంచి సీఎస్‌వీగా దింపుకుంటాను. ఎంక్వైరీ ఫారంది సైట్ ప్లగిన్ నుంచి ఇంకో సీఎస్‌వీ. ఫోన్ చేసినవాళ్ల వివరాలు కౌంటర్ అబ్బాయి రిజిస్టర్‌లో రాస్తే నేను చూసి టైపు చేస్తాను.

2వ తేదీ నుంచి 8వ తేదీ వరకు లెక్క చూడండి. అనుమానం వచ్చి ఫారం నుంచి వచ్చిన మెయిల్స్ చేత్తో లెక్కపెట్టాను, 46 ఉన్నాయి. ఎక్సెల్ 38 అంటోంది. నేను వాడిన ఫార్ములా ఇది. B1లో 2-6-2025, B2లో 8-6-2025 ఉన్నాయి.

```
=COUNTIFS(Form!A:A,">="&B1,Form!A:A,"<="&B2)
```

విజిట్ల దగ్గర ఇంకో గొడవ. రోజువారీ యూజర్లను కూడితే 1,012 వస్తోంది. అదే అనలిటిక్స్‌లో వారం మొత్తానికి చూస్తే 764 చూపిస్తోంది. ఈ వారాంతంలో రజ పండుగ, చీరల సీజన్. సార్ ఈ రిపోర్టు చూసి ప్రకటనల ఖర్చు నిర్ణయిస్తారు కాబట్టి టెన్షన్‌గా ఉంది. సాయంత్రంలోగా పంపాలి.

---

డిజిటల్ దాసు, గుణుపురం · మధ్యాహ్నం 12:25

మేడం, 764 మంది అంటే చాలా తక్కువండీ. సీజన్ ముందు ఇంకా రావాలి. చీరల ఫొటోల పేర్లు సరిగ్గా పెట్టారా? సైట్ ఫోన్‌లో తొందరగా తెరుచుకుంటోందా? గూగుల్ మ్యాప్స్‌లో షాపు లిస్టింగ్‌కి రివ్యూలు రాయించండి. రెండు నెలల్లో విజిట్లు రెట్టింపు అవుతాయి. కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి.

---

పట్టులక్ష్మి, బరంపురం · మధ్యాహ్నం 12:31

దాసు గారూ, విజిట్లు పెంచడం గురించి కాదండీ. వచ్చినవాటిని లెక్కపెట్టడంలోనే తేడా వస్తోంది.

---

రాయగడ కిరణ్ · మధ్యాహ్నం 12:40

అక్కా, యూజర్ల సంగతి తేలిక. ఒకే మనిషి సోమవారం వచ్చి, గురువారం మళ్లీ వస్తే రోజువారీ లెక్కలో రెండుసార్లు పడతాడు, వారం లెక్కలో ఒక్కసారే. అందుకే 1,012కీ 764కీ తేడా. యూజర్లను ఎప్పుడూ కూడకూడదు.

దానికి మందు ఏంటంటే, ఎక్స్‌ప్లోర్‌లోకి వెళ్లి Date బదులు Week పెట్టేయ్. ప్రతి వారానికి ఒక వరస తయారుగా వస్తుంది. నేను అలాగే తీస్తాను.

ఎంక్వైరీలు 38 రావడం మాత్రం ఎన్‌కోడింగ్ సమస్య అయి ఉంటుంది. ఒడియాలోనో తెలుగులోనో పేరు రాసినవాళ్ల వరసలు పాడైపోతాయి. ఫైలుని డబుల్ క్లిక్ చేసి తెరవకుండా Data, From Text/CSV ద్వారా తెచ్చుకుని File Origin దగ్గర 65001: Unicode (UTF-8) ఎంచుకో.

---

పట్టులక్ష్మి, బరంపురం · మధ్యాహ్నం 1:05

కిరణ్ తమ్ముడూ, అలా తెచ్చాక ఒడియా పేర్లు చక్కగా కనిపిస్తున్నాయి, అది బాగుంది. కానీ లెక్క ఇంకా 38 దగ్గరే ఉంది.

Week పెట్టి చూశాను. సెషన్లు వేరే ఏదో అంకె వస్తున్నాయి. నేను తేదీలు ఇచ్చి తీసినదాంతో కలవడం లేదు.

---

పర్లాకిమిడి మూర్తి · మధ్యాహ్నం 1:30

లక్ష్మి గారూ, ఒక్కొక్కటీ చూద్దాం. ముందు ఎంక్వైరీలు, ఎందుకంటే ఫార్ములా చూడగానే అది కనిపించింది.

మీ ఫారం ఫైలులో A వరసలో తేదీతో పాటు టైము కూడా ఉందా? ఉండే ఉంటుంది. ఎక్సెల్‌కి తేదీ అంటే ఒక పూర్ణసంఖ్య, టైము అంటే దాని పక్కన దశాంశం. B2లో మీరు 8-6-2025 అని రాస్తే దాని అర్థం ఆ రోజు అర్ధరాత్రి 12 గంటలు, అంటే ఆదివారం మొదలైన క్షణం. ఆదివారం ఉదయం 9:15కి వచ్చిన ఎంక్వైరీ ఆ క్షణం కంటే పెద్ద సంఖ్య. "దానికి సమానం లేదా తక్కువ" అన్న షరతులో అది పట్టదు. అంటే మీ రిపోర్టులో ఆదివారం మొత్తం లేదు. వారానికి ఆరు రోజులే లెక్కపెడుతున్నారు.

ఇలా మార్చి చూడండి.

```
=COUNTIFS(Form!A:A,">="&B1,Form!A:A,"<"&B2+1)
```

మరుసటి రోజు అర్ధరాత్రి కంటే తక్కువ ఉన్నవన్నీ తీసుకో అని దీని అర్థం. B2కి 23:59 జోడించేవాళ్లూ ఉన్నారు. కానీ 23:59:30కి ఒకటి వస్తే అది పోతుంది, అందుకే నాకు ఈ పద్ధతే ఇష్టం.

కిరణ్ చెప్పిన Week గురించి. యూజర్ల మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అనలిటిక్స్‌లో Week అనేది ఆదివారం మొదలై శనివారంతో ముగుస్తుంది. లక్ష్మి గారి వారం సోమవారం మొదలవుతుంది. 1వ తేదీ ఆదివారం వచ్చి చేరింది, 8వ తేదీ ఆదివారం జారిపోయింది. అందుకే కలవలేదు. సులువైన దారి, తేదీల పెట్టెలో మీరే 2 నుంచి 8 అని ఇచ్చి దింపుకోవడం. దిగిన సీఎస్‌వీ పైన # గుర్తుతో కొన్ని లైన్లు ఉంటాయి. చాలామంది అవి చెత్త అనుకుని తీసేస్తారు. తీసేముందు ఒకసారి చదవండి. Start date 20250602, End date 20250608 అని ఉంటేనే ఫైలు వాడండి. పాత వారం ఫైలుని మళ్లీ అతికించిన సంగతి అక్కడే బయటపడుతుంది.

---

రాయగడ కిరణ్ · మధ్యాహ్నం 1:38

Week ఆదివారం మొదలవుతుందా! అయితే మా షాపు రిపోర్టుల్లో విజిట్లు ఒక వారానివి, సేల్స్ ఇంకో వారానివి పోతున్నాయన్నమాట. ఎవరూ అడగలేదు కాబట్టి నడిచిపోయింది 😀

---

బల్లార్షా శ్రీను · మధ్యాహ్నం 2:15

నాదీ ఇదే గొడవండీ. మాది కోచింగ్ సెంటర్, అడ్మిషన్ ఎంక్వైరీలు ఫారంలో వస్తాయి. నెల మొదట్లో వచ్చినవన్నీ ఎక్కడెక్కడికో వెళ్లిపోతున్నాయి. జూన్ 5న వచ్చిన ఎంక్వైరీ మే నెలలో చూపిస్తోంది. ఏ నెలైనా 13వ తేదీ నుంచి వచ్చినవి అసలు లెక్కలోకే రావు. లక్ష్మి గారి ఫార్ములాలో B2+1 పెట్టాను, ఏమీ మారలేదు.

---

పర్లాకిమిడి మూర్తి · మధ్యాహ్నం 2:40

శ్రీను గారూ, మీది వేరే జబ్బు. మీ ఫైలులో తేదీ 05/06/2025 అని రోజు ముందు, నెల తర్వాత ఉంది. మీ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో నెల ముందు చదువుతోంది. అందుకే జూన్ 5 కాస్తా మే 6 అయింది. 13/05 లాంటి తేదీ దగ్గరికి వచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా ఒప్పుకోక మామూలు అక్షరాల్లా వదిలేస్తుంది. గుర్తుపట్టడం తేలిక. వరస వెడల్పు పెంచి చూడండి, కొన్ని తేదీలు కుడివైపు, కొన్ని ఎడమవైపు అంటుకుని ఉంటాయి. ఎడమవైపు ఉన్నవి తేదీలు కావు, వట్టి రాత.

సెల్ ఫార్మాట్ మారిస్తే ఇది బాగుపడదు, అప్పటికే తప్పు తేదీ లోపలికి వెళ్లిపోయింది. ఫైలుని From Text/CSV ద్వారా తెచ్చి, Transform Data నొక్కి, తేదీ వరస మీద Change Type, Using Locale ఎంచుకుని ఇంగ్లిష్ ఇండియా పెట్టండి. తెరవగానే దానంతటదే వేసుకున్న Changed Type అనే మెట్టు కుడివైపు జాబితాలో ఉంటే ముందు దాన్ని తీసేయండి. లేకపోతే చెడిన తేదీ మీదే మళ్లీ పని చేస్తుంది.

లక్ష్మి గారి ఫైలులో తేదీ సంవత్సరంతో మొదలవుతూ ఉండాలి. లేకపోతే 38 కూడా వచ్చేది కాదు.

---

పట్టులక్ష్మి, బరంపురం · మధ్యాహ్నం 3:20

అవును మూర్తి గారూ, 2025-06-08 04:12:33 ఇలా ఉంటుంది.

మీ ఫార్ములా పెట్టాను. ఇప్పుడు 47 వచ్చింది! మెయిల్స్ చూస్తే 46. మళ్లీ రెండుసార్లు లెక్కపెట్టాను, 46 మాత్రమే. ఒక్కటే కదా అని వదిలేయమంటారా?

---

రాయగడ కిరణ్ · మధ్యాహ్నం 3:26

ఒక్కటి ఏముందిలే అక్కా, వదిలేయ్. ఏదో మెయిల్ స్పామ్‌లోకి వెళ్లి ఉంటుంది.

---

పర్లాకిమిడి మూర్తి · మధ్యాహ్నం 3:50

వదలకండి. తేడా ఒకటే అంటే తప్పు ఒకటే అని కాదు. కొన్ని ఎక్కువ పడి, కొన్ని తక్కువ పడి, చివరికి ఒకటి మిగిలి ఉండొచ్చు.

మీరు రాసిన ఉదాహరణలోనే ఒక ఆచూకీ ఉంది, తెల్లవారుజామున 04:12. ఆదివారం తెల్లవారకముందే నాలుగింటికి లేచి పట్టుచీర గురించి ఎవరైనా అడుగుతారా? ఒకరు అడగొచ్చు. ఫైలులో టైముల మీద ఒకసారి కన్నేయండి. తెల్లవారుజామున 4 నుంచి 7 మధ్య చాలా ఉండి, సాయంత్రం ఆరున్నర దాటాక దాదాపు ఏమీ లేకపోతే ఆ ఫైలు మన టైములో లేదు, యూటీసీలో ఉంది. మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందు. 04:12 అంటే ఇక్కడ ఉదయం 9:42.

పూర్తిగా తేల్చుకోవాలంటే ఇప్పుడే మీరే ఫారం నింపి, గోడ గడియారం చూసి, ఫైలు మళ్లీ దింపండి. ఆ తర్వాత మీ టెస్ట్ వరస తీసేయడం మరిచిపోకండి. చాలా రిపోర్టుల్లో test, abc, asdf అనే కస్టమర్లు ప్రతివారం ఎంక్వైరీ చేస్తూనే ఉంటారు.

---

పట్టులక్ష్మి, బరంపురం · సాయంత్రం 4:25

4:05కి నింపాను. ఫైలులో 10:35 అని పడింది. మీరన్నట్టే ఉంది. ఆరున్నర తర్వాత ఫైలు మొత్తంలో మూడే వరసలున్నాయి. ఒకటి 1వ తేదీ 18:55, రెండోది 8వ తేదీ 19:10, మూడోది 8వ తేదీ 19:45.

---

పర్లాకిమిడి మూర్తి · సాయంత్రం 4:45

ఆ మూడింటితో మీ ఒకటి దొరికింది. అయిదున్నర గంటలు కలపండి. 1వ తేదీ 18:55 అంటే మనకి 2వ తేదీ రాత్రి 12:25. అది సోమవారం, మీ వారంలోదే, కానీ ఎక్సెల్ దాన్ని ఆదివారంగా చూసి బయట పెట్టింది. 8వ తేదీ 19:10, 19:45 అంటే మనకి 9వ తేదీ అర్ధరాత్రి దాటాక 12:40, 1:15. అవి వచ్చే వారానివి, ఎక్సెల్ ఈ వారంలో వేసేసింది. ఒకటి పోయింది, రెండు వచ్చి చేరాయి. 46 కాస్తా 47 అయింది.

పక్కన ఖాళీగా ఉన్న F వరసలో ఇది పెట్టి కిందికి లాగండి.

```
=A2+TIME(5,30,0)
```

లెక్కపెట్టే ఫార్ములాలో A:A బదులు F:F పెట్టండి. మీది రాత్రిళ్లు ఫోన్ చూస్తూ చీరలు వెతికే కస్టమర్ల వ్యాపారం, వారం చివర్లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

ఒక హెచ్చరిక. ప్లగిన్ వాళ్లు ఎప్పుడైనా సెట్టింగ్ మార్చి ఫైలుని మన టైములోనే ఇవ్వడం మొదలుపెడితే ఈ అయిదున్నర రెండోసారి పడుతుంది. అప్పుడు ఎంక్వైరీలన్నీ అర్ధరాత్రి, తెల్లవారుజాము వైపు జరిగినట్టు కనిపిస్తాయి. నెలకోసారి టైముల వైపు చూడండి. అనలిటిక్స్‌లో కూడా అడ్మిన్‌లో ప్రాపర్టీ వివరాల దగ్గర టైమ్‌జోన్ ఇండియా అని ఉందో లేదో చూడండి. అక్కడ వేరే దేశం ఉంటే మార్చొచ్చు గానీ, మార్చిన రోజు నుంచే సరవుతుంది, పాత రోజులు పాతగానే ఉంటాయి.

---

పట్టులక్ష్మి, బరంపురం · సాయంత్రం 5:10

46 వచ్చింది!! 🙏 టైమ్‌జోన్ ఇండియాయే ఉంది.

ఇప్పుడు విజిట్లు అంటే ఏది ఇవ్వాలి, యూజర్లా సెషన్లా? సెషన్లు ఈరోజు దింపితే 1,148 ఉన్నాయి.

---

జయపురం అనిత · సాయంత్రం 5:35

నేను అవతలి వైపు మనిషిని. కోరాపుట్ కాఫీ అమ్మే చిన్న సంస్థలో మార్కెటింగ్ చూస్తాను, ఇలాంటి రిపోర్టులు నాకు వస్తాయి. అందుకే చెప్తున్నాను లక్ష్మీ, ఈ ప్రశ్నకి జవాబు మీ సార్ దగ్గరే ఉంది. షాపుకి ఎన్నిసార్లు జనం తలుపు తీసుకుని వచ్చారు అన్నది కావాలంటే సెషన్లు. ఎంతమంది మనుషులు అన్నది కావాలంటే యూజర్లు, అదీ వారం మొత్తానికి ఒకేసారి తీసినది. నా అభిప్రాయం అడిగితే సెషన్లే పెట్టండి. వారం వారం పోల్చడానికి అది కుదురుగా ఉంటుంది. ఒక మనిషి ఫోన్లో ఒకసారి, ఆఫీసు కంప్యూటర్లో ఒకసారి చూస్తే అనలిటిక్స్‌కి సాధారణంగా ఇద్దరు యూజర్లే కాబట్టి "764 మంది" అని మనుషుల్లా చెప్పడం నాకు నచ్చదు.

ఇంకోటి. సోమవారం తీసిన అంకె ఆఖరిది అనుకోకండి. గూగుల్ వాళ్లే 24 నుంచి 48 గంటలు పట్టొచ్చు అంటారు. ఆదివారం విజిట్లు సోమవారానికి పూర్తిగా చేరవు. మా దగ్గర రిపోర్టు తయారుచేసే అమ్మాయి ప్రతి సోమవారం రెండు వారాలు దింపుతుంది. కొత్త వారం పక్కన "తాత్కాలికం" అని రాసి, పాత వారం అంకెని సరిచేస్తుంది.

అసలు ఈ దింపడం, అతికించడం ఎందుకు? లుకర్ స్టూడియోలో అనలిటిక్స్ కలిపేస్తే పేజీ దానంతటదే తయారవుతుంది.

---

పట్టులక్ష్మి, బరంపురం · సాయంత్రం 5:50

అనిత గారూ, సార్ లింకులు తెరవరండీ. వాట్సాప్‌లో ఎక్సెల్ ఫైలు వస్తేనే చూస్తారు. పైగా ఫోన్ రిజిస్టర్ కాగితం మీద ఉంది, అబ్బాయి అంకెలు కూడా ఒడియాలోనే వేస్తాడు. అది ఎవరో ఒకరు టైపు చేయాల్సిందే.

---

జయపురం అనిత · సాయంత్రం 5:56

అయితే ఎక్సెల్లే సరి. మా పాత బాస్ కూడా అంతే.

---

పట్టులక్ష్మి, బరంపురం · 11 జూన్, బుధవారం, ఉదయం 11:15

అనిత గారు చెప్పినట్టు ఈరోజు మళ్లీ దింపాను. అదే వారానికి సెషన్లు 1,148 కాస్తా 1,176 అయ్యాయి. కానీ తేదీ వారీగా దింపి కూడితే 1,183 వస్తోంది. సెషన్లను కూడొచ్చు కదా? ఇది ఇంకో టైమ్‌జోన్ కథ కాదు కదా?

రెండో ప్రశ్న. రిజిస్టర్‌లో 23 మంది ఉన్నారు. ఫారంవి 46, ఫోన్‌వి 23 కలిపి 69 ఎంక్వైరీలు అని పంపాను. సార్ ఫోన్ చేసి, "కౌంటర్ వాళ్లు ఒకే ఆవిడకి రెండుసార్లు చీరలు చూపించామంటున్నారు, 69 ఎలా?" అన్నారు.

---

పర్లాకిమిడి మూర్తి · మధ్యాహ్నం 12:20

మొదటిదానికి కంగారు వద్దు. రాత్రి 11:50కి మొదలై 12:10 దాకా చీరలు చూసినవాళ్ల సెషన్ ఒక్కటే. తేదీ వారీగా విడగొడితే అది రెండు రోజుల్లోనూ కనిపిస్తుంది. దానికితోడు అనలిటిక్స్ తెర మీద చూపే సెషన్లు కచ్చితంగా ఒక్కొక్కటీ లెక్కపెట్టినవి కావు, అంచనా పద్ధతిలో వచ్చినవి. వెయ్యికి ఏడు తేడా అంటే మామూలే. రిపోర్టులో వారం మొత్తానికి తీసిన 1,176 పెట్టండి. తేదీ వారీ అంకెలు ఏ రోజు రద్దీ ఉందో చూడటానికి వాడుకోండి, కూడటానికి వద్దు.

రెండోది అసలు పని. 69 అనేవి ఎంక్వైరీలు, మనుషులు కాదు. మనుషుల లెక్కకి ఫోన్ నంబరే ఆధారం. ఒకే నంబరుని ఒకరు +91తో, ఒకరు ముందు సున్నాతో, ఒకరు మధ్యలో ఖాళీతో రాస్తారు. ముందు ఆ వారం వరసల్ని వేరే షీటులోకి కాపీ చేసుకోండి. ఫోన్ నంబరు D వరసలో ఉందనుకుంటే G వరసలో ఇది పెట్టండి.

```
=RIGHT(SUBSTITUTE(SUBSTITUTE(D2," ",""),"-",""),10)
```

చివరి పది అంకెలే మిగులుతాయి. రిజిస్టర్ షీటులో కూడా నంబరు పక్కన ఇదే పెట్టండి. ఆ కొత్త వరస అక్కడ C అయితే, ఫారం షీటులో H వరసలో ఇది పెడితే ఫోన్ కూడా చేసినవాళ్ల దగ్గర TRUE వస్తుంది.

```
=COUNTIF(Register!C:C,G2)>0
```

ఫారం షీటులో G వరస మీద Remove Duplicates నొక్కి ఎంతమంది మిగిలారో, వాళ్లలో TRUE ఎంతమందో చెప్పండి.

---

బల్లార్షా శ్రీను · మధ్యాహ్నం 12:45

నంబర్లు అంటే గుర్తొచ్చింది. మా ఫైలులో నంబర్లు 9.19E+11 అని కనిపిస్తాయి. తేదీల సంగతి మాత్రం మూర్తి గారు చెప్పిన దారిలో సరయిందండీ, థాంక్స్.

---

రాయగడ కిరణ్ · మధ్యాహ్నం 12:52

అది చూపించే తీరు మాత్రమే అన్నా, లోపల నంబరు బాగానే ఉంటుంది. వరస వెడల్పు చేసి, ఫార్మాట్ Number పెట్టు చాలు.

---

పర్లాకిమిడి మూర్తి · మధ్యాహ్నం 1:10

సగం నిజం కిరణ్. తెరిచి చూస్తే లోపల బాగానే ఉంటుంది. అలా కనిపిస్తుండగా అదే ఫైలుని మళ్లీ సీఎస్‌వీగా సేవ్ చేస్తే మాత్రం కనిపించే రూపమే సేవ్ అవుతుంది. 9.19E+11 అని ఫైలులో పడ్డాక అసలు నంబరు పోయినట్టే, ఎవరూ వెనక్కి తేలేరు. దింపిన ఫైలుని ముట్టుకోకుండా ఒక ఫోల్డర్‌లో ఉంచుకుని, పనంతా వేరే వర్క్‌బుక్‌లో చేయండి శ్రీను గారూ.

---

పట్టులక్ష్మి, బరంపురం · మధ్యాహ్నం 2:05

ఫారంలో 46 వరసలకి 41 మంది తేలారు. రిజిస్టర్‌లో 23 మందీ వేర్వేరు నంబర్లే. వాళ్లలో 6 మంది ఫారం కూడా నింపారు. అంటే 41, 23 కలిపి 6 తీసేస్తే 58 మంది.

సార్ అడిగిన కన్వర్షన్‌కి 58ని 1,176తో భాగించి 4.9 శాతం అని పెట్టనా?

---

జయపురం అనిత · మధ్యాహ్నం 2:30

అలా పెట్టకండి. ఫోన్ చేసినవాళ్లలో చాలామంది వెబ్‌సైట్ మొహం కూడా చూసి ఉండరు. పత్రికలో ప్రకటన చూసో, పక్కింటావిడ చెబితేనో చేసి ఉంటారు. వాళ్లని సైట్ విజిట్లతో భాగిస్తే రేపు పత్రికలో పెద్ద ప్రకటన పడిన వారం సైట్ బాగా పనిచేసినట్టు కనిపిస్తుంది. మీ సార్ ఆ నమ్మకంతో సైట్ మీద ఖర్చు పెంచుతారు. ఫారంవి మాత్రమే భాగించండి. 46ని 1,176తో భాగిస్తే 3.9 శాతం.

---

పర్లాకిమిడి మూర్తి · మధ్యాహ్నం 2:50

ఫారంవే భాగించాలన్న మాటకి నేనూ సరే. కానీ 46 కాదు, 41 పెట్టాలంటాను. ఒకే ఆవిడ బటన్ రెండుసార్లు నొక్కితే అది రెండో ఎంక్వైరీ ఎలా అవుతుంది? 3.5 శాతం.

---

జయపురం అనిత · మధ్యాహ్నం 3:02

కింద సెషన్లు ఉన్నప్పుడు పైన మనుషుల్ని ఎలా పెడతారు మూర్తి గారూ? ఒకే ఆవిడ రెండు రోజులు వచ్చి రెండు వేర్వేరు చీరల గురించి అడిగితే సెషన్లు రెండు, ఎంక్వైరీలు రెండు. అది న్యాయమైన లెక్క.

---

పర్లాకిమిడి మూర్తి · మధ్యాహ్నం 3:20

వేర్వేరు చీరలైతే ఒప్పుకుంటాను. కానీ నా అనుభవంలో డూప్లికేట్లలో ఎక్కువ శాతం రెండు నిమిషాల తేడాలో వచ్చేవే, పేజీ నెమ్మదిగా తెరుచుకుంటే మళ్లీ నొక్కినవి. లక్ష్మి గారూ, ఆ 5 అదనపు వరసల టైములు చూడండి. నిమిషాల తేడా అయితే తీసేయండి, రోజుల తేడా అయితే ఉంచండి. ఏది పాటించినా ప్రతివారం అదే పాటించి, షీటు కింద ఒక లైనులో రాసిపెట్టండి.

---

పట్టులక్ష్మి, బరంపురం · సాయంత్రం 4:40

చూశాను. 5లో మూడు వరసలు నిమిషాల తేడాతో వచ్చినవి, రెండు వరసలు రోజుల తేడాతో వచ్చినవి. అంటే 43 ఎంక్వైరీలు, 1,176తో భాగిస్తే 3.7 శాతం. మీ ఇద్దరికీ మధ్యలో నిలిచింది 🙂

షీటులో వారానికి ఒకే వరస పెట్టాను. వారం మొదలు తేదీ, సెషన్లు, ఫారం ఎంక్వైరీలు, ఫోన్ ఎంక్వైరీలు, మొత్తం మనుషులు, ఫారం శాతం. ఈ వారానిది 2-6-2025, 1,176, 43, 23, 58, 3.7. కింద చిన్న అక్షరాల్లో మూడు లైన్లు రాశాను. వారం సోమవారం నుంచి ఆదివారం వరకు. తాజా వారం సెషన్లు తాత్కాలికం. నిమిషాల తేడాలో మళ్లీ వచ్చిన ఫారాలు తీసేశాం.

సార్ చూసి ఒకటే అన్నారు: "పోయిన వారం పంపిన అంకె మళ్లీ మారకూడదు, నేను పైవాళ్లకి చెప్పేశాను." సోమవారం 1,148 అని పంపి బుధవారం 1,176 చేయడం ఆయనకి నచ్చలేదు.

---

రాయగడ కిరణ్ · సాయంత్రం 4:55

అయితే రిపోర్టునే సోమవారం బదులు బుధవారానికి మార్చమని అడుగు అక్కా. అప్పుడు ఒక్కసారే పంపొచ్చు.

---

జయపురం అనిత · సాయంత్రం 5:10

ఏ మార్కెటింగ్ వాడూ బుధవారం దాకా ఆగడు కిరణ్. సోమవారం మీటింగ్‌లో కావాలి మాకు. నేనైతే సోమవారం అంకెనే తీసుకుని, మారినా పట్టించుకోను. కానీ అందరు బాసులూ అలా ఉండరు.

---

పర్లాకిమిడి మూర్తి · సాయంత్రం 5:30

శనివారం నుంచి శుక్రవారం వారంగా తీసుకుంటే సోమవారం ఉదయానికి చివరి రోజుకి కూడా రెండు రోజులు దాటుతుంది, అంకె చాలావరకు కుదురుతుంది. సార్ ఒప్పుకుంటే అది ఒక దారి. కాకపోతే పాత వారాలన్నీ మళ్లీ తీయాలి, లేకపోతే పోల్చడం కుదరదు.

---

పట్టులక్ష్మి, బరంపురం · సాయంత్రం 5:48

రజ సెలవుల తర్వాత అడుగుతాను. సైట్‌లో వాట్సాప్ బటన్ కూడా ఉందండీ. దాన్ని నొక్కినవాళ్లు ఇంతవరకు ఏ లెక్కలోనూ లేరు. నొక్కడం అనలిటిక్స్‌లో పడుతోంది, కానీ నొక్కినవాళ్లందరూ మెసేజ్ పెట్టడం లేదు. దాన్ని ఎంక్వైరీ అనాలా?

---

జయపురం అనిత · సాయంత్రం 6:05

మా దగ్గర ఈ మాట మీద ఏడాదిగా వాదన నడుస్తోంది. నేను నొక్కినవాటిని ఎంక్వైరీల్లో కలపను, వేరే వరసలో పెట్టిస్తాను. వాట్సాప్ చూసే అమ్మాయి కొత్త చాట్లు ఎన్నో రోజూ రాసిపెడితేనే అసలు లెక్క.

---

డిజిటల్ దాసు, గుణుపురం · సాయంత్రం 6:20

కలపాలండీ, నొక్కారంటే ఆసక్తి ఉన్నట్టే కదా. మా క్లయింట్లందరికీ కలిపే చూపిస్తాం.

---

పర్లాకిమిడి మూర్తి · సాయంత్రం 6:32

క్లయింట్లకి చూపించడానికి బాగుంటుంది దాసు గారూ. లక్ష్మి గారూ, ఒక వారం నొక్కినవి ఎన్నో, నిజంగా వచ్చిన కొత్త చాట్లు ఎన్నో రెండూ రాసి ఇక్కడ పెట్టండి. అంకెలు చూశాక మాట్లాడదాం.